పాత టేకు దూలానికి స్టీల్ ప్లేటు: లెక్క ఎలా కట్టాలి, ప్లేటు చేత పని ఎలా చేయించాలి

చెన్నై జార్జ్‌టౌన్‌లో మా పెద్దమ్మ వాళ్లది పాత మేడ. పై అంతస్తు నేల మద్రాస్ టెర్రస్: టేకు దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద నిలువుగా పేర్చిన ఇటుక, దానిపై సున్నపు కాంక్రీటు. హాలు మధ్య దూలం కిందికి వంగిందని రెండేళ్ల కిందట ఎవరినో పిలిచి అడుగున స్టీల్ ప్లేటు బిగించారు. మొన్న వెళ్తే పెద్దమ్మ పైకి చూపించి అడిగింది: "ఇంత ఇనుము పెట్టించినా, పైన పిల్లాడు నడిస్తే బీరువాలో గ్లాసులు గలగలమంటున్నాయి. ఎందుకురా?"

మంచి ప్రశ్న. జవాబు లెక్కలో సగం ఉంది, స్క్రూ రంధ్రంలో సగం ఉంది. ఆ దూలాన్నే తీసుకుని మొదటి నుంచి చేద్దాం. మీరు కొలతలు మార్చుకుంటే మీ దూలానికీ ఇదే దారి.

ముందు కొలతలు

దూలం వెడల్పు 150 మి.మీ., లోతు 250 మి.మీ. గోడకీ గోడకీ మధ్య స్పాన్ 4 మీటర్లు. అటు ఇటు దూలాల మధ్య దూరాన్ని బట్టి ఇది 1.25 మీటర్ల వెడల్పు నేలను మోస్తోంది. నేల సొంత బరువు చదరపు మీటరుకు 4.4 కిలోన్యూటన్లు, మనుషులూ సామానూ కలిపి ఇళ్లకు వేసుకునే 2. అంటే దూలం మీద మీటరుకు 5.5 శాశ్వత భారం, 2.5 వచ్చీపోయే భారం, మొత్తం 8 కిలోన్యూటన్లు. ఈ రెంటినీ ఇప్పుడే కలిపేసి మరిచిపోకండి. తర్వాత విడదీయాల్సి వస్తుంది.

ప్లేటు సంగతికి ముందు, దూలం ఒక్కటే ఎలా ఉందో చూడాలి. ఇందులో w మీటరుకు భారం, L స్పాన్, M దూలాన్ని వంచే మొమెంటు, I అడ్డుకోత ఆకారం వంపుని అడ్డుకునే శక్తి, y మధ్య నుంచి అంచు దాకా దూరం, f ఒత్తిడి, d వంపు.

```
M = w L² / 8 = 8 × 4² / 8 = 16 kN·m
I = 150 × 250³ / 12 = 195.3 × 10⁶ mm⁴
f = M y / I = 16×10⁶ × 125 / 195.3×10⁶ = 10.24 MPa
d = 5 w L⁴ / (384 E I) = 13.7 mm
```

టేకు స్థితిస్థాపకత, అంటే E విలువ, 10,000 మెగాపాస్కల్ తీసుకున్నాను. కొత్త మంచి టేకుకి కోడ్ 10.24 కన్నా ఎక్కువ ఒత్తిడినే ఒప్పుకుంటుంది. కానీ ఈ దూలంలో నెర్రెలున్నాయి, రెండు చోట్ల ముడులున్నాయి. అందుకని 9 దాటకూడదని నేనే హద్దు పెట్టుకున్నాను. ఇక వంపు. పైన పెంకులూ పలకల్లాంటి పెళుసు సరుకు ఉంటే కర్ర కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 883 ప్రకారం వంపు స్పాన్‌లో 360వ వంతు మించకూడదు, ఇక్కడది 11.1 మి.మీ. దూలం రెండు హద్దులూ దాటింది. ప్లేటు వేయాలన్న నిర్ణయం తప్పు కాదు.

అయితే ఒక షరతు. గోడలోకి దూరిన దూలం కొసల్ని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. చెదలో, తేమో తినేసి మెత్తగా దిగిపోతే అడుగున ఎంత మంచి ప్లేటు వేసినా లాభం లేదు. ప్లేటు నడుమును నిలబెడుతుందే గానీ గోడ మీద ఆనే కొసకి బలమివ్వదు.

స్టీలును కర్రగా మార్చడం

ప్లేటు వెడల్పు 100, మందం 10 మి.మీ. స్టీలు E విలువ 2,00,000. కర్రది 10,000. నిష్పత్తి 20. దీన్నే ఎన్ అంటారు.

ప్లేటు కర్రకి జారకుండా అతుక్కుని ఉందనుకోండి. కలిసే చోట కర్ర ఎంత సాగితే స్టీలూ అంతే సాగాలి. కానీ అంతే సాగడానికి స్టీలుకి 20 రెట్లు ఒత్తిడి కావాలి. అంటే ఒక చదరపు మిల్లీమీటరు స్టీలు చేసే పనికి 20 చదరపు మిల్లీమీటర్ల కర్ర కావాలి. కాబట్టి స్టీలు తీసేసి ఆ స్థానంలో 20 రెట్లు కర్ర పెట్టినట్టు ఊహిస్తే మొత్తం ఒకే సరుకైపోతుంది. ఇక మనకు తెలిసిన సూత్రాలన్నీ పనిచేస్తాయి. పద్ధతి మొత్తం ఇంతే.

ఈ 20 రెట్లు వెడల్పులోనే పెంచాలి, మందంలో కాదు. కాలేజీలో ఈ తప్పు చేయని బ్యాచ్ ఉండదు. ప్లేటు ఎక్కడుందో అక్కడే ఉండాలి. అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉన్నదాని సాగుడు అంతకు తగ్గట్టే ఉంటుంది కాబట్టి, మందం పెంచి 200 మి.మీ. చేస్తే లేని చోట కర్ర పెట్టినట్టవుతుంది. వెడల్పు పెంచితే ఎత్తు మారదు. అలా 100 మి.మీ. ప్లేటు 2000 మి.మీ. వెడల్పూ 10 మి.మీ. మందమూ ఉన్న కర్ర రెక్క అవుతుంది. బొమ్మ గీస్తే తలకిందులైన టీ అక్షరంలా కనిపిస్తుంది. గీయండి, తప్పులు సగం అక్కడే దొరుకుతాయి.

ఇప్పుడు తటస్థ అక్షం, అంటే పైన నలుగుడూ కింద సాగుడూ ఆగిపోయే గీత, ఎక్కడుందో చూడాలి. ఎత్తులన్నీ ప్లేటు అడుగు నుంచి కొలుద్దాం. కర్ర మధ్యబిందువు 10 + 125 = 135 దగ్గర, ప్లేటుది 5 దగ్గర.

```
కర్ర   A = 150 × 250 = 37,500 mm²   y = 135
ప్లేటు  A = 2000 × 10 = 20,000 mm²   y = 5
y₀ = (37,500×135 + 20,000×5) / 57,500 = 89.8 mm
```

ప్లేటు లేకపోతే ఆ గీత 135 దగ్గర ఉండేది. ఇప్పుడు 45 మి.మీ. కిందికి దిగింది. స్టీలు దాన్ని తన వైపు లాక్కుంది. గీత ఎప్పుడూ గట్టి సరుకు వైపే జరగాలి. మీ లెక్కలో పైకి జరిగితే ఎక్కడో గుర్తు తప్పింది.

తర్వాత మొమెంట్ ఆఫ్ ఇనర్షియా. ఒక్కో ముక్కకీ సొంత విలువ, దానికి తోడు ఆ గీత నుంచి దాని దూరపు వర్గం రెట్లు వైశాల్యం.

```
కర్ర   195.3×10⁶ + 37,500 × 45.2² = 272.0×10⁶
ప్లేటు    0.2×10⁶ + 20,000 × 84.8² = 143.9×10⁶
I = 415.9 × 10⁶ mm⁴
```

ఉత్త కర్రతో పోలిస్తే 2.13 రెట్లు. ప్లేటు సొంత విలువ 0.2 మాత్రమే, దాన్ని వదిలేసినా నష్టం లేదు. దూరం వల్ల వచ్చిందే అంతా.

ఇక ఒత్తిళ్లు. పైకొస గీత నుంచి 170.2 మి.మీ. దూరంలో ఉంది, ప్లేటు అడుగు 89.8 మి.మీ.

```
కర్ర పైకొస     = 16×10⁶ × 170.2 / 415.9×10⁶ = 6.5 MPa
ప్లేటు అడుగు  = 16×10⁶ × 89.8 / 415.9×10⁶ × 20 = 69 MPa
వంపు         = 13.7 / 2.13 = 6.4 mm
```

రెండో వరుసలో చివర ఉన్న 20 చూశారా? స్టీలును కర్రగా ఊహించి లెక్క చేశాం కాబట్టి వచ్చిన 3.45 కర్ర ఒత్తిడి. స్టీలుది కావాలంటే తిరిగి 20తో హెచ్చించాలి. ఇది మరిచి "స్టీలులో 3.45 మాత్రమే, ప్లేటు పల్చన చేయొచ్చు" అని రాసిన కాగితం నేను చూశాను.

అంతా బాగుంది. 9కి గాను 6.5, 11.1కి గాను 6.4. మామూలు స్టీలుకి 69 ఒక లెక్క కాదు. ఇక్కడ కాగితం మడిచేస్తే పెద్దమ్మ గ్లాసులు గలగలమంటూనే ఉంటాయి.

బరువు దించకుండా బిగిస్తే

పై లెక్క ఒక అబద్ధం మీద నిలబడింది. మొత్తం 8 కిలోన్యూటన్లూ ప్లేటు బిగించిన తర్వాతే దూలం మీదికొచ్చాయని అది అనుకుంటోంది. నిజానికి 5.5 అప్పటికే అక్కడుంది. దూలం ఆ బరువుకి ఎప్పుడో వంగి, సాగి కూర్చుంది. అలా సాగిన కర్రకి మీరు తీరిగ్గా ప్లేటు బిగిస్తే ప్లేటులో ఒత్తిడి సున్నా. ఆ తర్వాత వచ్చే 2.5 మాత్రమే అది పంచుకుంటుంది.

అలాంటప్పుడు లెక్క రెండు అంచెల్లో కట్టాలి. మొదటి అంచె 5.5, ఉత్త కర్ర మీద: ఒత్తిడి 7.04, వంపు 9.4 మి.మీ. రెండో అంచె 2.5, కలిసిన దూలం మీద: కర్ర పైకొస 2.05, వంపు 2.0 మి.మీ. కలిపితే ఒత్తిడి 9.09, వంపు 11.4. రెండూ హద్దు దాటాయి! వెంట్రుకవాసి తేడాతోనే, కానీ దాటాయి. ప్లేటు అడుగున ఒత్తిడి 69 కాదు, 22. అంటే డబ్బంతా పోసి కొన్న స్టీలు మూడో వంతు కూడా పని చేయట్లేదు.

కాబట్టి ముందు జాకీలతో లేపాలి. స్పాన్‌ని మూడు సమభాగాలు చేసి రెండు చోట్ల జాకీతో ఊతం నిలబెట్టండి. ఒక్కటే మధ్యలో పెట్టడం కన్నా ఇది మేలు, ఎందుకంటే మధ్యభాగమంతా సమంగా తేలుతుంది. ఈ దూలంలో ఒక్కో జాకీ 8 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 800 కిలోల బరువు తోస్తే, మధ్యలో వంపు 9.4 మి.మీ. తిరిగొస్తుంది, శాశ్వత భారపు మొమెంటు దాదాపు సున్నా అవుతుంది. మధ్య దూలమే కాబట్టి నిజంగా చేసేటప్పుడు పక్క దూలాలూ కొంచెం బరువు పంచుకుని జాకీకి అడ్డం తగులుతాయి. అందుకే బలాన్ని కాకుండా ఎత్తును కొలవండి. కిందనుంచి ఒక డయల్ గేజ్ చాలు.

లేపేటప్పుడు రెండు జాగ్రత్తలు. నెమ్మదిగా మిల్లీమీటరు చొప్పున లేపి, ఆగి, పై నేల చూసి మళ్లీ లేపండి. సున్నపు కాంక్రీటు తొందర ఓర్చుకోదు. రెండోది, ఏళ్ల తరబడి కర్ర నిదానంగా వంగిపోయిన వంపు వేరే. పెద్దమ్మ దూలం చూపుకి రెండు సెంటీమీటర్లకు పైగా వంగి ఉంది. అందులో 9.4 మాత్రమే తిరిగొచ్చేది, మిగతాది కర్ర స్వభావంలో కలిసిపోయింది. దాన్ని కూడా సరిచేస్తానని లేపితే పైన పగుళ్లే మిగులుతాయి. ఊతం కింద నేల గట్టిదో కాదో కూడా చూడండి. కింద ఇంకో అంతస్తు ఉంటే ఊతాన్ని అక్కడా కొనసాగించి నేల దాకా తీసుకెళ్లాలి, లేకపోతే ఒక దూలాన్ని కాపాడబోయి కిందిదాన్ని వంచినట్టవుతుంది.

ప్లేటు జారకుండా పట్టుకోవడం

రెండో అబద్ధం జారకపోవడం. వంగేటప్పుడు కర్ర అడుగు సాగుతుంది. ప్లేటుని వదులుగా వేలాడదీస్తే అది సాగదు, కర్ర దాని మీదుగా జారిపోతుంది. ఆ జారుడును ఆపే బలాన్ని మిల్లీమీటరు పొడవుకు ఇంత అని లెక్కిస్తారు, అదే q. V అంటే దూలంలో కోత బలం, Q అంటే ప్లేటు వైశాల్యం రెట్లు తటస్థ అక్షం నుంచి దాని దూరం.

```
Q = 20,000 × 84.8 = 1.696×10⁶ mm³
V = w L / 2 = 16,000 N      (గోడ దగ్గర)
q = V Q / I = 65.2 N/mm
```

గోడ దగ్గర 65, స్పాన్ మధ్యకి వచ్చేసరికి సున్నా. ఈ త్రికోణం వైశాల్యం 65.2 × 2000 / 2, అంటే 65.2 కిలోన్యూటన్లు. అటు ప్లేటులో సగటు ఒత్తిడి 65.2 మెగాపాస్కల్, వైశాల్యం 1000 చదరపు మి.మీ., లాగుడు బలం అదే 65.2 కిలోన్యూటన్లు. రెండూ సరిపోవాలి. స్క్రూలు ఎక్కించిన బలమే ప్లేటులో ఉంటుంది, ఇంకెక్కడి నుంచీ రాదు. సరిపోకపోతే ఎక్కడో లెక్క తప్పింది. నాకు ఈ పద్ధతిలో నచ్చిన ముచ్చట ఇదే.

12 మి.మీ. కోచ్ స్క్రూ ఒకటి 3 కిలోన్యూటన్లు సురక్షితంగా పడుతుందనుకుందాం (మీ కర్రకి విడిగా చూసుకోవాలి). రెండు వరుసలు వేస్తే జతకి 6. 6000ను 65.2తో భాగిస్తే 92. కాబట్టి కొసల దగ్గర 90 మి.మీ.కి ఒక జత, పావు స్పాన్ దగ్గర 180. పనివాళ్లు సహజంగా మధ్యలో ఎక్కువ, కొసల్లో తక్కువ వేస్తారు, బరువు మధ్యలో కదా అని. సరిగ్గా తిరగేసి చెప్పాలి. మధ్యలో జత రంధ్రాలు పోగా ప్లేటు వెడల్పు 75 మి.మీ. మిగిలినా ఒత్తిడి 87 మాత్రమే, ఇబ్బంది లేదు.

ఇక పెద్దమ్మ ప్రశ్నకి జవాబు. ప్లేటు లేని దూలం మొత్తం బరువుకి వంగితే అడుగు అంచు మధ్య నుంచి కొస దాకా ఎంత సాగుతుంది? అడుగు ఒత్తిడి మధ్యలో 10.24, కొసల్లో సున్నా, సగటున మూడింట రెండు వంతులు. లెక్క వేస్తే 1.37 మి.మీ. వస్తుంది. స్క్రూలు ఆపాల్సింది ఈ చిన్న కదలికనే. పాత ప్లేటు విప్పి చూస్తే 12 మి.మీ. స్క్రూలకి 16 మి.మీ. రంధ్రాలు! పనికి సులువుగా ఉంటుందని తొలిచారు. స్క్రూ చుట్టూ 2 మి.మీ. ఖాళీ. కర్ర సాగేది 1.37, ఖాళీ 2. అంటే స్క్రూ ఒక్కసారి కూడా రంధ్రం అంచుని తాకలేదు. రెండేళ్లుగా ఆ ప్లేటు దూలానికి అందంగా వేలాడుతోంది, తన బరువు కూడా దానిపైనే వేస్తూ.

కొత్త ప్లేటుకి రంధ్రాలు 12.5 మి.మీ. కర్రలో స్క్రూకి పైలట్ రంధ్రం సన్నగా, పాత రంధ్రాలకి దూరంగా. ప్లేటుకీ కర్రకీ మధ్య ఎపాక్సీ కూడా పూశాం. టేకులో నూనె ఉంటుంది, అది ఎపాక్సీని పట్టనివ్వదు. కాబట్టి పూసే రోజునే గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి పూయాలి. ముందు రోజు రుద్ది వదిలేస్తే మళ్లీ నూనె పైకొస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊరు కనుక ప్లేటు బయటి ముఖానికి తుప్పు పట్టని ప్రైమరు తప్పదు, అతికే ముఖాన్ని మాత్రం ఇసుకతో కొట్టించి రంగు లేకుండా ఉంచాలి. డబ్బా మీద రాసినన్ని రోజులూ జాకీలు కదపకండి. ఇంటివాళ్లు మూడో రోజే "ఇంకా ఎన్నాళ్లు?" అంటారు. అననివ్వండి.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

ఇప్పటికే బిగించిన ప్లేటును అనుమానిస్తే రెండు గుర్తులు చూడండి. వంపు అలాగే ఉండి ఊగిసలాట తగ్గితే, ప్లేటు పట్టుకుంది గానీ జాకీ లేకుండా బిగించారు. వంపూ ఊగిసలాటా రెండూ మారకపోతే ప్లేటు జారుతోంది. ప్లేటు కొస దగ్గర కర్ర మీదా స్టీలు మీదా కలిసేలా బ్లేడుతో సన్నని గీత గీసి, పైన నలుగురిని నిలబెట్టండి. గీత విరిగితే ఇక చెప్పేదేముంది.

నంబరు కావాలంటే 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము. పై గదిలో సరిగ్గా దూలం మధ్య మీద పెట్టి నీళ్లు నింపితే 1.96 కిలోన్యూటన్ల భారం.

```
d = P L³ / (48 E I)
ఉత్త కర్ర           1.34 mm
ప్లేటు కలిశాక       0.63 mm
```

ప్లేటు వేయకముందే ఒకసారి చేసి రాసుకుంటే మీ టేకు E విలువ 10,000 అనుకోవడం ఎంత నిజమో కూడా తెలుస్తుంది. పక్క దూలాలు కొంత పంచుకుంటాయి కాబట్టి రీడింగ్ లెక్క కన్నా కొంచెం తక్కువే వస్తుంది, దాన్ని చూసి కర్ర మహా గట్టిదని మురిసిపోవద్దు. ముందూ తర్వాతా రీడింగుల నిష్పత్తిని నమ్మండి.

పాత ప్లేటు ఉండగా మా డ్రమ్ముకి డయల్ గేజ్ 1.2 చూపించింది. విప్పేశాక కూడా 1.2నే. కొత్తది అతికి జాకీలు దించిన తర్వాత 0.65. పెద్దమ్మకి గేజ్ చూపిస్తే కళ్లద్దాలు తెచ్చుకుని చూసింది. తర్వాత మనవణ్ణి పైకి పంపి గెంతమంది, తను బీరువా దగ్గర చెవి పెట్టి నిలబడింది.